అప్‌డేట్: గీతలు తగ్గాయి, గుర్తుంటోంది

నేను అడిగింది: "పేజీ నిండా గీతలు గీసినా మర్నాటికి ఏమీ గుర్తుండటం లేదు. ఎలా చదవాలి?"

మీరు చెప్పినట్టే పేరా పూర్తయ్యేదాకా పెన్సిల్ ముట్టుకోవడం మానేశాను. మొదట ధవళేశ్వరం ఆనకట్ట పేరా తీసుకున్నాను. మా కాలువకు నీళ్లు అక్కడినుంచే వస్తాయి, అయినా పరీక్షలో తప్పు రాసేవాడిని! ఈసారి "1847", "1852", "నాలుగు భాగాలు" అన్న మూడింటి కిందే గీశాను. మార్జిన్‌లో సారాంశానికి బదులు ప్రశ్న రాశాను: "ఒకే గోడగా ఎందుకు కట్టలేదు?" నది మధ్య లంకలున్నాయన్న వాక్యం పక్కన బాణం గుర్తు పెట్టాను, అది కారణానికి.

మర్నాడు పేరాను అట్టముక్కతో మూసి, ప్రశ్న మాత్రం చూసి జవాబు పైకి చెప్పాను. మూయకపోతే గీత కనబడగానే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. ఇన్నాళ్లూ మోసపోయింది అక్కడే. సంవత్సరాలు వచ్చాయి, లంకల సంగతి రాలేదు. అందుకని ఆ ప్రశ్న పక్కన చుక్క పెట్టాను. మూడు రోజుల తర్వాత చుక్కలున్న ప్రశ్నలే మళ్లీ వేసుకున్నాను, ఈసారి వచ్చింది.

మొదట పదకొండు గుర్తులు పెట్టుకున్నాను. వాటి అర్థాలే మరిచిపోయాను. ఇప్పుడు బాణం, చుక్క మాత్రమే మిగిలాయి. గ్రంథాలయం పుస్తకాలకైతే ప్రశ్నలు చీటీ మీద రాసి ఆ పేజీలో పెడుతున్నాను.