వేయిపడగలు చదువుతున్నాను, నిఘంటువులో మాట వెతకడమెలా?

అందరికీ నమస్కారం. మేము ఉండేది న్యూజెర్సీలో. విశ్వనాథ సత్యనారాయణగారి వేయిపడగలు మొదలుపెట్టాను. సుబ్బన్నపేట, ధర్మారావు, గణాచారి బాగా పట్టుకున్నారు, మధ్యలో వదిలేయాలని లేదు. నా తెలుగు ఏడో తరగతితో ఆగిపోయింది. సంభాషణలు సాఫీగానే సాగుతాయి, వర్ణనల దగ్గరే బండి ఆగుతోంది.

తెలియని మాటకు బ్రౌన్ నిఘంటువు, ఆంధ్రభారతి చూస్తున్నాను. చాలాసార్లు దొరకదు. కారణం కొంత అర్థమైంది. గ్రాంథికంలో ముందు మాటను బట్టి తర్వాతి మాట మొదటి అక్షరం మారుతుంది. 'పూచెను కలువలు' కాస్తా 'పూచెను గలువలు' అవుతుంది, 'వాడు కొట్టె' అన్నది 'వాడుగొట్టె' అవుతుంది. గ కింద ఎంత వెతికినా లాభం లేదు, క కింద చూడాలి. ఇప్పుడు గ, జ, స, డ, ద, బ, వ లతో మొదలైనది దొరక్కపోతే క, చ, ట, త, ప లకు మార్చి చూస్తున్నాను. సగం చిక్కులు తీరాయి.

మిగిలిన సగానికి సాయం కావాలి. పొడవాటి సంస్కృత సమాసాన్ని ఎక్కడ విడగొట్టాలో మీరెలా పోలుస్తారు? చివరి మాట నుంచి వెనక్కి వస్తారా? రెండోది, దివాణం, మాన్యం, కరణీకం లాంటి జమీందారీ కాలపు మాటలు. అర్థం దొరుకుతుంది గానీ ఎవరి కింద ఎవరు, భూమి ఎవరిది, శిస్తు ఎవరికి అన్నది తెలియక కథలో తగవులు సరిగా అందడం లేదు. ఆ వ్యవస్థను తేలిక తెలుగులో చెప్పే పుస్తకం ఏదైనా ఉంటే దయచేసి చెప్పండి. ఈ నవల పూర్తిగా చదివినవాళ్లు ఎలా నెట్టుకొచ్చారో రాసినా మేలే.