పేక ముక్క వెనక వైపు తెల్ల అంచు ఉండాలా, వద్దా?

అడిగినది: తాతయ్య ఎనభయ్యో పుట్టినరోజుకి సొంతంగా పేక కట్టలు అచ్చు వేయిస్తున్నాం. ముక్క సైజు 63 × 88 మి.మీ. వెనక ముదురు నీలం ముగ్గు, చుట్టూ 2 మి.మీ. తెల్ల అంచు పెట్టాను. ప్రెస్సు వాళ్లు అంచు తీసెయ్యమంటున్నారు. అంచు లేకపోతే అది పేకలా ఉంటుందా?

ప్రెస్సులో పనిచేసేవాణ్ణి: తీసెయ్యండమ్మా. కోసేటప్పుడు షీటు ఒక మి.మీ. అటూ ఇటూ జరగడం మామూలే. మీ అంచు ఒక పక్క 3, ఎదుటి పక్క 1 మిగులుతుంది, ఎవరికైనా కనిపిస్తుంది. పైగా కలిపేటప్పుడు కొన్ని ముక్కలు తలకిందులవుతాయి కదా, వాటికి లావు అంచు పైకి వస్తుంది. రమ్మీలో నాలుగు ఆటలు ఆడితే జోకరు ఏదో వెనక నుంచే గుర్తుపడతారు. నీలాన్ని కోత గీత దాటించి నాలుగు వైపులా 3 మి.మీ. పొడిగించండి, ఫైలు 69 × 94 అవుతుంది. ముగ్గు చుక్కలు, ముందు వైపు అంకెలు మాత్రం కోత గీతకి 3 మి.మీ. లోపలే ఉండాలి.

బోర్డ్ గేమ్స్ పిచ్చోణ్ణి: అంత భయం అక్కర్లేదన్నా. అంచు 4 మి.మీ. చేస్తే జరిగినా 5, 3 వస్తాయి, కంటికి పెద్దగా ఆనదు. అంచు దాకా ముదురు రంగు వేస్తే పది ఆటలకే మూలలు అరిగి తెల్లగా బయటపడతాయి. అప్పుడూ ముక్క గుర్తుపడతారు. ఇక రంగంటారా, తెరమీది రంగులు, అంటే ఆర్జీబీలోనే పంపండి, మెషీనే మార్చుకుంటుంది.

ప్రెస్సులో పనిచేసేవాణ్ణి: అరుగుడు మాట ఒప్పుకుంటాను. రంగు మాట ఒప్పుకోను. మెషీను మారుస్తుంది, కానీ ఎలా మారిందో మీకు చూపించదు. తెరమీద మెరిసే నీలం, అచ్చుకి వాడే నాలుగు సిరాల సీఎంవైకేలో ఊదాకి తిరుగుతుంది. మీరే మార్చి చూసుకుని, మెజెంటా కాస్త తగ్గించండి. కళావరు, ఇస్పేటు పక్కనుండే చిన్న అంకెలకి ఒక్క నలుపే, కె 100. నాలుగు రంగులు కలిపితే ప్లేటు రవ్వంత జరిగినా అంకె చుట్టూ రంగు నీడ పడుతుంది.

వైజాగ్ టీచరమ్మ: అంచు సంగతి నాకు తెలీదు గానీ, పిల్లలకి అక్షరాల కార్డులు మెరిసే గ్లాసీ లామినేషన్ వేయించాను. ఈ ఉక్కకి చెమట చేతులు తగిలి ఒకదానికొకటి అతుక్కుపోతున్నాయి. మీరు మాత్రం అది వేయించకండి.

ప్రెస్సులో పనిచేసేవాణ్ణి: మేడమ్ చెప్పింది పేకకీ వర్తిస్తుంది. లినెన్ ఫినిష్ అడగండి. ఆ సన్న గళ్ల గరుకులో గాలి ఆడి ముక్కలు జారతాయి. కాగితం మధ్యలో నల్ల పొర ఉన్న 310 జీఎస్ఎం తీసుకోండి. మామూలు ఆర్ట్ కార్డుని దీపానికి ఎదురుగా పట్టుకుంటే వెనక నుంచి ఆఠీను రాజు నీడ కనిపిస్తుంది.

అడిగినావిడ: 4 మి.మీ. అంచుతో ఒకటి, అంచు లేకుండా ఒకటి, అదే కాగితం మీద రెండు నమూనా కట్టలు అడిగాను. తాతయ్య, ఆయన స్నేహితులు వారం రోజులు ఆడతారు. మూలలు ఎలా అరిగాయో ఫోటోలు పెడతాను.

బోర్డ్ గేమ్స్ పిచ్చోణ్ణి: ముక్కల్ని తలకిందులు చేసి కూడా ఫోటో తియ్యండి. అన్న చెప్పిన తేడా 4 మి.మీ. అంచులో కనిపిస్తుందో లేదో నాకూ చూడాలనుంది.