240 మంది సైనికులు ఒకేసారి దారి అడిగితే: క్యూలో నిలబెట్టాలా, వెతికే పద్ధతినే మార్చాలా?

కోటముట్టడి, తిరుపతి
చంద్రగిరి కోట ముట్టడి నేపథ్యంగా ఫోను ఆట తయారుచేస్తున్నాను. పటం 256×256 గళ్లు. 240 మందిని ఎంచుకుని కోట ద్వారం మీద నొక్కితే ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతోంది. ఒక్కొక్కరికి దారి కనిపెట్టే ఏ-స్టార్ వెతుకులాట సుమారు 0.4 మిల్లీసెకన్లు పడుతోంది. అందుకని అభ్యర్థనలను క్యూలో పెట్టి ఫ్రేముకు ఐదు చొప్పున తీస్తున్నాను. ఇప్పుడు రెండు బాధలు. చివరివాళ్లు ఆలస్యంగా కదులుతున్నారు. పైగా ఎప్పుడో ఒకసారి మళ్లీ 80 మిల్లీసెకన్ల కుదుపు వస్తోంది. క్యూ పద్ధతే తప్పా?

రేణిగుంట రైలు
క్యూ ఎందుకండీ? వెతుకులాటను వేరే థ్రెడ్‌కు అప్పగించండి. ఇప్పటి ఫోన్లలో కోర్లకు కొదవ లేదు. ముఖ్య థ్రెడ్ ఖాళీగా ఉంటే కుదుపు ఎక్కడి నుంచి వస్తుంది?

చిత్తూరు వేప
థ్రెడ్ పనికివస్తుంది, కానీ అదొక్కటే సరిపోదు. వెతుకులాట సగంలో ఉండగా ద్వారం మూసుకుపోతే అది పాత పటమూ కొత్త పటమూ కలగలిసిన గళ్లను చదువుతుంది. నకలు ఇచ్చి వెతికించాలి. గడికి ఒక బైటు చొప్పున 64 కిలోబైట్లే కాబట్టి నకలు తీయడం భారం కాదు, అక్కడ మీ మాట నిలుస్తుంది. అయితే చేయవలసిన పని అంతే ఉంటుంది, వేరేచోట జరుగుతుందంతే. చవక ఫోనులో ఆ కోర్లు ఇతర పనుల్లో ఉంటే దారులు ఆలస్యమే.

అసలు కారణం ఆ 80 మిల్లీసెకన్ల కుదుపులో ఉంది. ప్రశ్న వేసినవారికి: అది వచ్చినప్పుడు ద్వారం మూసి ఉందా?

కోటముట్టడి, తిరుపతి
అవును మేడమ్! ద్వారం మూసి ఉన్నప్పుడు కోట లోపల నొక్కితేనే వస్తోంది. ఇప్పుడే మూడుసార్లు సరిచూశాను.

చిత్తూరు వేప
అయితే తేలిపోయింది. దారి ఉన్నప్పుడు ఏ-స్టార్ గమ్యం వైపు వెళ్తూ, మీరు చెప్పిన 0.4 మిల్లీసెకన్లలో వెయ్యి గళ్లు చూసి ఆగుతుందనుకుందాం. దారి లేనప్పుడు ఆగడానికి దానికి కారణమే దొరకదు. కోట బయట చేరగలిగిన గళ్లన్నీ తిరిగి వచ్చాకే లేదని చెబుతుంది. బయట 40,000 గళ్లు ఉన్నాయనుకుంటే ఒక్క అభ్యర్థనకే 16 మిల్లీసెకన్లు, అంటే సెకనుకు 60 ఫ్రేముల ఆటలో దాదాపు ఒక ఫ్రేము మొత్తం. ఐదు కలిస్తే 80. మీరు లెక్కపెడుతున్నది అభ్యర్థనలను, ఖర్చవుతున్నది గళ్లు.

కాబట్టి హద్దును గళ్లకు పెట్టండి. హద్దు అయిపోగానే వెతుకులాట ఎక్కడున్నా అక్కడే ఆగి, తర్వాతి ఫ్రేములో అక్కడి నుంచే సాగాలి. అంటే ఇంకా చూడవలసిన గళ్ల జాబితా, దాని ఓపెన్ లిస్టు, చెరిగిపోకుండా ఉండాలి.

```
int left = 5000;
while (left > 0 && queue.Count > 0) {
    var r = queue.Peek();
    if (!r.Unit.Alive || r.Id != r.Unit.LastRequestId) {
        queue.Dequeue();
        continue;
    }
    left -= r.Step(left);
    if (r.Done) {
        r.Unit.SetPath(r.Path);
        queue.Dequeue();
    }
}
```

మధ్యలోని షరతును వదిలేయకండి. ఆటగాడు కంగారులో మూడుసార్లు నొక్కితే క్యూలో 720 అభ్యర్థనలు చేరతాయి. వాటిలో 480 ఎవరికీ అక్కరలేనివి.

రెండోది, పటాన్ని ముందే ప్రాంతాలుగా గుర్తుపెట్టండి. ఒకదాని నుంచి ఒకటి చేరగలిగిన గళ్లన్నిటికీ ఒకే సంఖ్య. సైనికుడి గడి సంఖ్యా గమ్యం సంఖ్యా వేరైతే వెతకనే వద్దు, గమ్యానికి దగ్గరగా చేరగలిగే గడికి పంపండి. ద్వారం తెరిచినా మూసినా సంఖ్యలు మళ్లీ వేయాలి.

పలమనేరు
నాకూ ఇదే సమస్య. ద్వారం దగ్గర సైనికులు ఒకరినొకరు తోసుకుని అక్కడే వణుకుతూ నిలబడుతున్నారు. నేను ద్వారం ముందు ముప్పై మందిని ఆపి, వాళ్లు దాటాక తర్వాతి ముప్పై మందిని వదులుతున్నాను, తిరుమల క్యూ కాంప్లెక్సులో గదుల వారీగా వదిలినట్టు. కుదుపు తగ్గింది.

చిత్తూరు వేప
మీది దారి దొరికాక వచ్చే రద్దీ. ఇక్కడ అడుగుతున్నది దారి దొరకడానికి ముందు సంగతి. అయితే గదుల పోలికలో ఒక విషయం ఉంది: ఎవరిని ముందు వదలాలి? ఎంచుకున్న వరుసలోనే క్యూలో వేస్తే వెనకవాళ్లకు ముందు దారి దొరికి, కదలని ముందువాళ్ల వీపులను గుద్దుకుంటారు. గమ్యానికి దగ్గరున్నవాళ్లను ముందు తీయండి. అప్పుడు ఆలస్యం సైన్యం వరుసగా కదిలినట్టే కనిపిస్తుంది.

శ్రీకాళహస్తి చేనేత
నాకు ఈ క్యూ మీదే అభ్యంతరం. 240 మందీ ఒకే ద్వారానికి వెళ్తుంటే ఒకే ప్రశ్నను 240 సార్లు ఎందుకు వేయాలి? ద్వారం నుంచి వెనక్కి ఒక్కసారి వెతికి, ప్రతి గడిలో ఎటు అడుగు వేయాలో రాసిపెడితే చాలు. అదే ఫ్లో ఫీల్డ్. సైనికుడు తన గడిలో ఉన్న బాణం చూసి నడుస్తాడు. మీరు చేస్తున్నది వృథా పనిని చిన్న ముక్కలు చేయడమే.

చిత్తూరు వేప
ఈ సందర్భానికి మీరన్నది నిజం, ఒప్పుకుంటున్నాను. కానీ ఆ ఫీల్డు కూడా 40,000 గళ్లు తిరగాలి, మళ్లీ అదే 16 మిల్లీసెకన్లు. దాన్నీ ఫ్రేములకు పంచాల్సిందే. ఫ్రేముకు 5,000 గళ్లైతే ఎనిమిది ఫ్రేములు. విడివిడిగా వెతికితే 240,000 గళ్లు, 48 ఫ్రేములు, అంటే చివరివాడికి 0.8 సెకను. ఎనిమిదికీ నలభై ఎనిమిదికీ తేడా పెద్దదే. అయితే శత్రువులు ఒక్కొక్కరు ఒక్కొక్కరిని తరిమేటప్పుడు గమ్యాలు 240 ఉంటాయి, అక్కడ ఫీల్డు వల్ల లాభం లేదు. క్యూ ఉండక తప్పదు.

రేణిగుంట రైలు
హద్దును గళ్లలో ఎందుకు? రెండు మిల్లీసెకన్లని గడియారం పెడితే ఏ ఫోనుకు తగినంత ఆ ఫోను చేసుకుంటుంది. మీ 5,000 గళ్లు చవక ఫోనులో ఐదు మిల్లీసెకన్లు తినవచ్చు.

చిత్తూరు వేప
ఒక్కరే ఆడే ఆటకైతే మీ మాటే మేలు. ఇద్దరు రెండు ఫోన్లలో ఆడుతూ ఆజ్ఞలను మాత్రమే పంపుకునే ఆటలో గడియారం ముంచుతుంది. ఒక ఫోనులో సైనికుడికి పన్నెండో ఫ్రేములో దారి దొరికితే, మరో ఫోనులో పంతొమ్మిదోదాంట్లో దొరుకుతుంది. అక్కడి నుంచి రెండు యుద్ధాలు వేరవుతాయి. యూనిటీ ఇంజిన్‌లో దారులు వెతికే సొంత నావ్‌మెష్ కూడా గడియారాన్ని కాక నోడ్‌లనే లెక్కిస్తుంది: `NavMesh.pathfindingIterationsPerFrame`, మొదటి విలువ 100.

శ్రీకాళహస్తి చేనేత
దారి దొరికేదాకా సైనికుడు ఏం చేయాలి? నేను గమ్యం వైపు తిన్నగా నడిపిస్తాను. నొక్కగానే కదలకపోతే ఆజ్ఞ అందలేదని ఆటగాడు మళ్లీ నొక్కుతాడు.

చిత్తూరు వేప
కోట పటంలో అది నాకు నచ్చదు. గోడ వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగితే సైనికుడు తెలివితక్కువవాడిలా కనిపిస్తాడు. తల తిప్పి, ఈటె ఎత్తితే చాలు.

శ్రీకాళహస్తి చేనేత
బహిరంగ మైదానంలో నాలుగడుగులకు నష్టం లేదు. అక్కడ ఈటె ఎత్తి నిలబడటమే జడంగా ఉంటుంది. నేను మారను.

కోటముట్టడి, తిరుపతి
ప్రాంతాల సంఖ్యలు, గళ్ల హద్దు, దగ్గరవాళ్లు ముందు, మూడూ పెట్టి రాత్రి ప్రొఫైలర్ చూశాను. మూసిన ద్వారం మీద కుదుపు పూర్తిగా పోయింది. సగటు కాకుండా ప్రతి ఆజ్ఞకూ చివరివాడు ఎన్ని ఫ్రేములు ఆగాడో రాసుకున్నాను: 47, 48, 51. ఇప్పుడు ద్వారానికి ఫీల్డు కడుతున్నాను. కానీ నా సైనికులు ద్వారం దాటాక వరుసల్లో నిలబడాలి, ఒక్కొక్కరికి ఒక్కో గడి. ఫీల్డు నుంచి సొంత గడికి మారే చోట కొందరు వెనక్కి తిరిగి వస్తున్నారు. ఎన్ని గళ్ల దూరంలో మార్చాలి?

శ్రీకాళహస్తి చేనేత
నేను పన్నెండు గళ్లు పెట్టాను, నా పటం చిన్నది. మీ ద్వారం వెడల్పు ఎంత?