పాపని తెలుగు మీడియంలోనే ఉంచాలా, వచ్చే ఏడాది న్యూజెర్సీ వెళ్తున్నాం

ఖమ్మం_అమ్మ:
మా పాపకి ఆరేళ్లు, మా ఊళ్లో ట్రస్టు వాళ్లు నడిపే తెలుగు మీడియం బళ్లో ఒకటో క్లాసు. గుణింతాలు అయిపోయి చిన్న కథలు తనే చదువుకుంటోంది. ఆయనకి న్యూజెర్సీలో జాబ్ వచ్చింది, మేం వచ్చే ఏడాది వెళ్తాం. మా అత్తయ్య ఇప్పుడే ఇంగ్లీష్ మీడియంకి మార్చెయ్, అక్కడ ముక్క అర్థం కాక ఏడుస్తది అంటున్నారు. ఏం చేయమంటారు?

డాలస్_నాన్న:
మార్చేయండి. ఇంకోటి, అక్కడ స్కూల్లో చేర్చేటప్పుడు ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఫారం ఇస్తారు, ఇంగ్లీష్ అనే రాయండి, తెలుగు అని రాస్తే వేరే గదిలో కూర్చోబెట్టి వెనకేస్తారు.

గుంటూరు_బాబాయ్:
నేను టెన్త్ దాకా తెలుగు మీడియమే అమ్మా, ఇంటర్‌లో ఫిజిక్స్ ఇంగ్లీషులో చూసి ఆర్నెల్లు బట్టీ పట్టా. పాప ఇంటర్‌కొచ్చేసరికి జాగ్రత్త.

ఖమ్మం_అమ్మ:
బాబాయ్ గారూ ఇంకా ఒకటో క్లాసే కదండీ 🙏

ఈఎస్ఎల్_టీచర్:
డాలస్ అన్నయ్యా, ఫారంలో అబద్ధం రాయమని మాత్రం చెప్పకండి. నేను న్యూజెర్సీ స్కూల్లో ఇంగ్లీష్ కొత్తగా నేర్చుకునే పిల్లలకి చెప్పే టీచర్‌ని. తెలుగు అని రాస్తే పిల్లలకి ఇంగ్లీష్ ఎంత వచ్చో చూసే విడా టెస్ట్ పెడతారు, స్కోరు తక్కువైతే రోజూ కొంతసేపు మాలాంటి టీచర్ సాయం ఉంటుంది, మా దగ్గర మిగతా టైమంతా అందరితో పాటు క్లాసులోనే. వద్దనుకుంటే తల్లిదండ్రులు రాసిచ్చి మానుకోవచ్చు కూడా.

ఇక చదవడం సంగతి. కథ చదవగలుగుతోందంటే అక్షరాన్ని శబ్దం చేసి, కలిపి, అర్థం పట్టుకోవడం వచ్చేసినట్టే, అది మళ్లీ మొదట్నుంచి నేర్పక్కర్లేదు. తెలుగులో రాసినట్టే పలుకుతాం, ఇంగ్లీషులో ‘ఏ’ అక్షరం క్యాట్‌లో ఒకలా కేక్‌లో ఒకలా బాల్‌లో ఇంకోలా, పిల్లలు అక్కడ తడబడతారు. రోజూ కాసేపు ఆ శబ్దాలు వినిపించండి చాలు.

అసలు దెబ్బ లెక్కల్లో తగులుతుంది. తెలుగు మీడియం నుంచి వచ్చిన ఒక బాబుని ‘నీ దగ్గర 8 పెన్సిళ్లు, తన దగ్గర 5, హౌ మెనీ మోర్’ అనడిగితే మోర్ అన్న మాట విని కూడేసి 13 రాశాడు. నేను తెలుగులో ఎన్ని ఎక్కువ అని అడిగితే టక్కున 3 అన్నాడు. క్లాస్ టీచరేమో వాడికి తీసివేత రాదనుకుంది. డిసెంబర్‌కల్లా ఆటల్లో గడగడా మాట్లాడేవాడు గానీ సైన్స్ పేజీ చదివి చెప్పమంటే ఆగిపోయేవాడు, అందుకే మీ పాప మాట్లాడేస్తోందని సాయం మాన్పించకండి.

వరంగల్_పిల్ల:
మా బాబు ఇంగ్లీష్ మీడియం, పేజీ గడగడా చదువుతాడు, పుస్తకం మూసి ఏమైందిరా కథలో అంటే బిక్కమొహం వేస్తాడు. మార్చే ముందు ఆ స్కూల్ పిల్లల్ని ఇలా అడిగి చూడండి. 2022-23 నుంచి మన సర్కారు బళ్లలో లెక్కల పుస్తకం ఒక పేజీ తెలుగు, పక్క పేజీ ఇంగ్లీష్ ఉంటోంది, అది తెచ్చి రోజుకో లెక్క రెండు పక్కలా చదివించండి.

ఖమ్మం_అమ్మ:
సరే, బడి మార్చను, ఆ పుస్తకం తెస్తా. కానీ మూడేళ్లకి తిరిగొస్తే తెలుగు చదవడం ఉంటుందా టీచర్ గారూ?

ఈఎస్ఎల్_టీచర్:
చెప్పలేనమ్మా. మా పెద్దోడు ఇక్కడే నాలుగో క్లాసు, తెలుగంతా అర్థమవుతుంది, అక్షరాలు మాత్రం మర్చిపోయాడు. నిలబెట్టినవాళ్లెవరైనా ఉంటే రాయండి, నాకూ కావాలి.