రెండు పన్ను సూత్రాలకీ ఒకే జవాబు వస్తోంది, తేడా ఏమని రాయాలి?

నిద్రలేని విద్యార్థి
పొద్దుట్నుంచీ ఒకటే లెక్క పట్టుకుని కూర్చున్నా, బుర్ర వేడెక్కిపోయింది. ఇద్దరు మనుషులు, ఒకరి ఆదాయం 100, ఇంకొకరిది 400. ఇద్దరికీ కలిపి ఒక వరద కట్ట, దాని ఖర్చు 50. చెల్లించే సామర్థ్యాన్ని బట్టి అయితే ఎవరెంత కట్టాలి, పొందే లబ్ధిని బట్టి అయితే ఎవరెంత కట్టాలి, తేడా చర్చించండి అని ప్రశ్న. నాకు రెండు దారుల్లోనూ 10, 40 వస్తున్నాయి. ఈ రెండూ ఒకదానికొకటి పడని సూత్రాలని చదువుకున్నాం కదా, మరి చర్చించడానికి తేడా ఏదీ? రేపు ఇచ్చేయాలి, టెన్షన్‌గా ఉంది.

చుక్కాని
ఏ త్యాగం? తృప్తి ఫంక్షన్ ఏది? అవి రాయకుండా అడిగితే ఎవరూ చెప్పలేరు.

మాటకారి
ఇందులో ఫంక్షన్ల గొడవ దేనికండీ. సామర్థ్యం అంటే ఉన్నవాడి దగ్గర ఎక్కువ రేటు, అంతే. లబ్ధి అంటే కట్ట ఇద్దరినీ కాపాడుతుంది కాబట్టి చెరో 25. తమ్ముడూ, నీ రెండో లెక్కే తప్పు, అది దిద్దుకుంటే తేడా దానంతట అదే కనబడుతుంది.

ఒంటరి గూడు
లబ్ధి మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. నాకు పిల్లల్లేరు. బడుల కోసం నా దగ్గర పన్ను ఎందుకు వసూలు చేస్తున్నారు? ఏళ్ళ తరబడి కడుతున్నా, నాకు ఒరిగిందేంటి? ఎవరు వాడుకుంటే వాళ్ళే కట్టాలి. రోడ్డు మీద టోల్ పెట్టినట్టు అన్నిటికీ పెడితే ఈ గొడవే ఉండదు.

చుక్కాని
టోల్ పన్ను కాదు. రుసుము.

ఒంటరి గూడు
జేబులోంచి పోయేది డబ్బే కదండీ, పేరు ఏదైతేనేం.

చుక్కాని
టోల్ కట్టకపోతే గేటు తీయరు. కట్టకి డబ్బివ్వనివాడి ఇంటి వైపుకి మాత్రం నీళ్ళు వదలగలరా? ఆ తేడా వల్లే ఇంత గొడవ.

నిద్రలేని విద్యార్థి
అందరూ లాగ్ ఫంక్షనే వాడతారు కదా అని రాయలేదు. ఇద్దరిదీ ఇదే, x సొంత ఖర్చు, G కట్ట:

```
U = 0.9 ln x + 0.1 ln G
```

సమాన త్యాగం తీసుకున్నా, అంటే పన్ను వల్ల ఇద్దరూ కోల్పోయే తృప్తి సమానంగా ఉండాలని. లబ్ధి వైపు లిండాల్ పద్ధతి, అంటే ఇద్దరూ ఒకే ఎత్తు కట్ట కోరుకునేలా ఎవరి వాటా ధర వాళ్ళకి పెట్టడం.

పాత పంతులు
బాబూ, నీ లెక్కలో తప్పేమీ లేదు. ఒకే జవాబు రావడానికి కారణం ఆ లాగ్. ముందు త్యాగం సంగతి చూడు. లాగ్‌తో లెక్కేస్తే ఆదాయంలో పదో వంతు పోయినప్పుడు 100 వాడికీ 400 వాడికీ కలిగే బాధ సరిగ్గా ఒకటే. అందుకని సమాన త్యాగం అనగానే ఇద్దరికీ ఒకే రేటు వచ్చేస్తుంది. అటు లబ్ధి వైపు కూడా నీ ఫంక్షన్ ప్రకారం ప్రతివాడూ తన ఆదాయంలో పదో వంతు కట్టకే పెడతాడు, తన వాటా ధర ఎంతైనా సరే. మళ్ళీ 10, 40. రెండు సూత్రాలూ కలిసిపోలేదు, నువ్వు ఎంచుకున్న ఫంక్షన్ వాటిని ఒకే చోటికి తెచ్చి నిలబెట్టింది.

ఫంక్షన్ మార్చి చూడు. లాగ్ బదులు వర్గమూలం పెట్టు. 400 వాడు 33.6 కడితే అతని దగ్గర 366.4 మిగులుతుంది, వర్గమూలం 20 నుంచి దాదాపు 19.14కి దిగుతుంది. 100 వాడు అదే 0.86 కోల్పోవాలంటే 16.4 కట్టాలి. అంటే పేదవాడికి 16 శాతం పైన, ఉన్నవాడికి 8 శాతం చిల్లర. సమాన త్యాగమే, సామర్థ్య సూత్రమే, కానీ వచ్చింది తిరోగామి పన్ను. అదే తృప్తిని −1/x అనుకుంటే 3.2, 46.8 వస్తాయి, పురోగామి పన్ను. ఆదాయం పెరిగేకొద్దీ చివరి రూపాయి విలువ ఎంత వేగంగా పడిపోతుందన్న దాని మీదే అంతా ఆధారపడి ఉంది. లాగ్ సరిగ్గా మధ్యలో ఉంటుంది.

మాటకారి
పంతులు గారూ, సామర్థ్య సూత్రం పేదవాడి మీద ఎక్కువ రేటు వేస్తుందంటే ఎలా నమ్మమంటారు? అయితే ఆ పేరు ఎందుకు?

పాత పంతులు
సమాన త్యాగం అడిగితే అలా రావచ్చు అంటున్నా. అడగాల్సింది అది కాదు, మొత్తం త్యాగం వీలైనంత తగ్గాలి అన్నవాళ్ళూ ఉన్నారు, 1897లో ఎడ్జ్‌వర్త్ వాదన అదే. ఆ లెక్కన ఈ 50 మొత్తం 400 వాడే కట్టాలి, మీ ఇష్టం వచ్చిన ఫంక్షన్ పెట్టుకోండి, చివరి రూపాయి విలువ తగ్గుతూ పోతే చాలు. అక్కడితో కూడా ఆగదు. ఇంకో 125 తీసి 100 వాడికి ఇచ్చి ఇద్దర్నీ 225 దగ్గర నిలబెట్టమంటుంది. అలా చేస్తే సంపాదించేవాడు సంపాదించడం మానేయడా అన్న బెంగతో అక్కడ బ్రేకు వేస్తారు. సామర్థ్యం అన్న ఒక్క మాట కింద ఇన్ని లెక్కలున్నాయి, అందుకే చుక్కాని గారు మొదట్లోనే ఏ త్యాగం అని అడిగారు.

చుక్కాని
లబ్ధి అంటే చెరో 25 అన్నది కూడా తప్పే. కట్ట ఎత్తు ఇద్దరికీ ఒకటే, దాని విలువ ఇద్దరికీ ఒకటి కాదు. కట్ట గిరాకీకి ఆదాయ వ్యాకోచత్వం 1, ధర వ్యాకోచత్వం 0.5 పెట్టి చూడండి, అంటే ఆదాయం ఒక శాతం పెరిగితే గిరాకీ ఒక శాతం పెరుగుతుంది, ధర ఒక శాతం పెరిగితే అర శాతమే తగ్గుతుంది. వాటాలు 1కి 16 వస్తాయి. 50లో దాదాపు 3, 47.

మాటకారి
అంటే లబ్ధి సూత్రమే ఉన్నవాడిని ఎక్కువ పిండుతోందా? విడ్డూరంగా ఉందే.

నిద్రలేని విద్యార్థి
ఇప్పుడు ఇంకా అయోమయంగా ఉంది. ఏ సూత్రంతోనైనా ఏ రేటైనా రాబట్టొచ్చు అంటే నేను తేడా ఏమని రాయాలి?

పాత పంతులు
ఎవరెంత కడుతున్నారు అన్న దగ్గర వెతక్కు, అక్కడ దొరకదు. ఆ 50తో ఏం చేస్తున్నారు అని అడుగు. సామర్థ్య సూత్రానికి ఆ ప్రశ్నతో పని లేదు. 50 పెట్టి కట్ట కట్టినా, తీసుకెళ్ళి ఏట్లో పోసినా, ఎవరెంత ఇవ్వాలన్న లెక్క మారదు. లబ్ధి సూత్రంలో కట్ట ఎంత ఎత్తుండాలి అన్నదీ ఎవరు ఎంత ఇవ్వాలి అన్నదీ ఒకే ప్రశ్న, రెంటినీ కలిపి తేల్చాలి. ఇది దాని బలం.

ఇక బలహీనత. ఆ 50 కట్టకి కాదు, 100 వాడికి సాయంగా ఇవ్వడానికి అనుకో. లబ్ధి పొందేది అతనే, కాబట్టి అతని దగ్గరే 50 తీసుకుని అతనికే 50 ఇవ్వాలి! లబ్ధి సూత్రం ఇక్కడ చేతులెత్తేస్తుంది. ఒకడికి 100, ఇంకొకడికి 400 ఉండటం న్యాయమేనా అని అది అడగదు, సరే అనుకునే మొదలుపెడుతుంది. ఆ పద్ధతిని గట్టిగా నిలబెట్టిన విక్సెల్ కూడా 1896లోనే ఆ షరతు ఒప్పుకున్నాడు, ఉన్న పంపకం న్యాయమైనదైతేనే ఇలా వేసిన పన్ను న్యాయం అవుతుందని.

చుక్కాని
ఇంకోటి. కట్ట నీకెంత అవసరం అని అడిగితే 400 వాడు నా ఇల్లు మెరక మీద ఉంది, నాకక్కర్లేదు అంటాడు. నిజం చెబితే బిల్లు పెరుగుతుంది మరి. సామ్యూల్సన్ 1954లో పట్టుకున్నది అదే. కాబట్టి 3, 47 కాగితం మీదే.

మాటకారి
సామర్థ్యం కొలవడం మాత్రం తేలికా? ఆదాయం దాచేవాళ్ళు లేరా? పైగా ఇద్దరి తృప్తినీ ఒకే తక్కెడలో ఎలా తూస్తారు? అసలు ఆడం స్మిత్ 1776లోనే రెండూ కలిపి చెప్పాడు, ప్రజలు తమ సామర్థ్యం మేరకు కట్టాలి, అంటే రాజ్యం రక్షణలో తాము పొందే ఆదాయం మేరకు అని. ఒకే వాక్యంలో రెండూ ఉంటే మనం విడగొట్టి కొట్టుకోవడం దేనికి?

పాత పంతులు
ఒకే వాక్యంలో ఉన్నాయి కాబట్టే తర్వాతి వాళ్ళంతా ఆయన మా పక్షమంటే మా పక్షమని లాక్కున్నారు. తృప్తి తూకం గురించి మీరన్నది మాత్రం గట్టి ప్రశ్నే. నా దగ్గర దానికి చక్కటి జవాబు లేదు.

ఒంటరి గూడు
నా బడి పన్ను సంగతి ఎవరూ చెప్పలేదు.

చుక్కాని
చదువుకున్న వైద్యుడి దగ్గరికి మీరెళ్ళరా?

ఒంటరి గూడు
వెళ్తా. ఫీజు వేరే ఇస్తా. ఆ చదువుకి నేను రెండుసార్లు ఎందుకు కట్టాలి?

నిద్రలేని విద్యార్థి
వర్గమూలం లెక్క పెట్టి, సాయం ఉదాహరణ కలిపి ఇచ్చేశా. థాంక్స్ అండీ పంతులు గారూ, చుక్కాని గారూ. రెండో ప్రశ్నలో మనుషులు ముగ్గురున్నారు, దానికి వేరే పోస్టు పెడతా.