సమస్య: “చేయి హస్తమైన చెడెను పలుకు”

నిర్వాహకురాలు: ఈ వారం ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం, పై మూడూ మీవి. చేయి, హస్తం నిఘంటువులో పక్కపక్కనే ఉంటాయి. అయినా ఒకదాని చోట ఇంకొకటి పెడితే పలుకు ఎందుకు చెడుతుందో పద్యంలోనే తేలాలి. వచ్చిన పూరణల మీద ఎవరైనా మాట్లాడవచ్చు. యతి తప్పితే దాచకుండా చెప్పండి.

తేటమాట: నా ప్రయత్నం.

కొట్టె ననుట మాని కోపాన హస్తంబు
చేసుకొనెను రాజు చెలుని పైన
ననుచు నొకడు రాయ నర్థమే దొరకదు
చేయి హస్తమైన చెడెను పలుకు

“చెయ్యి చేసుకున్నాడు” అంటే కొట్టాడని ఎవరికైనా తెలుసు. “హస్తం చేసుకున్నాడు” అంటే ఏం చేసుకున్నాడో ఎవరికీ తెలియదు. సంస్కృతం మాట దూరిస్తే తెలుగు వాక్యం పాడవుతుందని నా అభిప్రాయం. తెలుగు మాట ఎప్పుడూ క్షేమం.

పాతచదువరి: పద్యం శుభ్రంగా ఉందండి. కో-కొ, చే-చె, న-న, యతులన్నీ కుదిరాయి. కానీ కింద రాసిన మాట ఒప్పుకోలేను. “ఆ డాక్టరుగారి హస్తవాసి మంచిది” అంటాం. అక్కడ హస్తవాసి మాని తెలుగు మాటే పెడదామని “ఆ డాక్టరుగారి చేతివాటం మంచిది” అనండి, ఏమవుతుందో చూడండి. వైద్యుడిని పొగడబోయి దొంగను చేశారు. తప్పు సంస్కృతంలోనూ లేదు, తెలుగులోనూ లేదు. జనం నోట గట్టిపడిన జంటను విడదీయడంలో ఉంది.

ఇక నా పూరణ:

చేయి తిరిగినట్టి శిల్పి యన్నను మెప్పు
హస్త మదియె తిరిగె ననిన నొప్పి
నుడిని మార్చ రాదు నోటి కెక్కిన దాని
చేయి హస్తమైన చెడెను పలుకు

నిర్వాహకురాలు: రెండో పాదం చాలా బాగుంది. చెయ్యి తిరిగితే నేర్పు, హస్తం తిరిగితే బెణుకు! తేటమాట గారి పద్యానికీ దీనికీ ఉన్న తేడా కూడా గమనించండి. “హస్తం చేసుకున్నాడు” అన్నప్పుడు అర్థమే రాదు కాబట్టి చదివేవాడు అక్కడే ఆగుతాడు, తప్పు దొరికిపోతుంది. “హస్తం తిరిగింది” అన్నప్పుడు అర్థం వస్తుంది, కాకపోతే వేరే అర్థం. అది రాసినవాడి కంట పడదు. నా లెక్కలో రెండోదే ఎక్కువ ప్రమాదం.

ఉత్సాహి: నాకూ ఇలాంటిదే ఒకటి తెలుసు. ఒక ఆహ్వానపత్రికలో “విచ్చేసే ఆహుతులందరికీ భోజన ఏర్పాట్లు” అని అచ్చువేశారు. ఆహూతులు అని ఉండాలి కదా! పిలిచినవాళ్ళను తీసుకెళ్ళి హోమంలో వేసినట్టయింది. దీని మీద పద్యం రాయనా?

పాతచదువరి: మంచి ఉదాహరణే, కానీ ఈ సమస్య అది కాదండి. మీరు చెప్పింది చెవికి దగ్గరగా ఉండే మాటల తికమక, దీర్ఘం పోయి మాట మారిపోయింది. ఇక్కడ అడిగింది అర్థంలో దగ్గరగా ఉన్న మాటల గురించి. వాటికి అక్షరదోషం ఉండదు, నిఘంటువు తీసి చూస్తే సరైనవే.

కొత్తకలం: నా పూరణ కూడా చూడండి. రెండో పాదంలో యతి కోసం చాలా టెన్షన్ పడ్డాను.

సంతసమ్ము మీర చల్లని వార్తగా
నుదర ముండె ననుచు నువిద చెప్పె
మురిసె మగడు, నుడుల మురిపెమే వేరయా
చేయి హస్తమైన చెడెను పలుకు

తేటమాట: గణాలు సరిపోయాయి, యతి కూడా కుదిరింది. మరి ఆ చల్లని వార్త ఏమిటి? ఉదరం అందరికీ ఉంటుందిగా!

కొత్తకలం: ఆమె కడుపుతో ఉందని. “ఉవిద” పెట్టుకున్నాను కాబట్టి అటువైపు కూడా ఉకారం కావలసి వచ్చింది. కడుపుకు ఇంకో మాటేమిటని వెతికితే ఉదరం దొరికింది.

పాతచదువరి: సరిగ్గా అక్కడే జారారు. “కడుపుతో ఉంది” అన్న మాటకు బలం ఆ “తో”లో ఉంది. కడుపు నొప్పి, కడుపు నిండింది అన్నప్పుడు అది శరీరభాగం. కడుపుతో ఉంది అన్నప్పుడు కాదు. మీరు కడుపును మార్చారు, “తో”ను వదిలేశారు. రెండు దెబ్బలకు గర్భం పోయి పొట్ట మిగిలింది. “ఉదరంతో ఉంది” అని రాసినా బాగుపడేది కాదు.

యతి కుదరనప్పుడు నేను చేసేది చెబుతాను. యతికి రెండు చివరలుంటాయి. ఒక చివర జాతీయం ఉంటే దాని జోలికి పోను, ఇంకో చివర ఉన్న మామూలు మాటను మారుస్తాను. మీ పాదంలో ఉవిద విడిగా నిలబడ్డ మాట. దాని చోట పడతి, కాంత, మగువ ఏది పెట్టినా కథ మారదు. కడుపుకు ‘క’ కావాలి కాబట్టి కాంతను పిలుద్దాం:

సంతసమ్ము మీర చల్లని వార్తగా
కడుపు తోడ నున్న కాంత చెప్పె

మిగతా రెండు పాదాలు అలాగే ఉంచండి.

కొత్తకలం: ఎంత తేలిగ్గా వచ్చేసింది! అయితే ఏ మాటను మార్చవచ్చో, ఏది మార్చకూడదో ముందే తెలిసేదెలా?

నిర్వాహకురాలు: నేను ఆ మాటను వేలితో చూపించగలనా అని చూస్తాను. “చెయ్యి కడుక్కున్నాడు” అంటే చూపించడానికి చెయ్యి ఉంది. హస్తం అని మారిస్తే ఎబ్బెట్టుగా ఉంటుంది కానీ సంగతి తెలుస్తుంది. “చెయ్యిచ్చాడు” అంటే చూపించడానికి ఏమీ లేదు, నమ్మినవాడిని ముంచాడు, అంతే. అలాంటి చోట మాట మారిస్తే వాక్యం కూలుతుంది. చూపించగలిగిన చోట కూడా స్థాయి చూసుకోవాలి. పెద్దాయన పరమపదించారంటాం కానీ దోమ పరమపదించింది అనం.

వచనరచయిత: నాది పద్యం కాదు, అడ్డు వస్తే క్షమించండి. ఒకే మాట రెండుసార్లు రాకూడదని ఎవరో చెబితే, నా వ్యాసంలో “తలకు మించిన భారం” పక్క వాక్యంలో “శిరస్సు దూర్చవద్దు” అని రాశాను. “పాత స్నేహితుడు” పక్కన “ప్రాచీన మిత్రుడు” కూడా వేశాను. మరి తిరగరాసినప్పుడు పునరుక్తి ఎలా తప్పించాలి?

పాతచదువరి: తల రెండుసార్లు రానివ్వండి. తలకు మించడం, తలదూర్చడం వేర్వేరు పనులు, చదివేవాడికి అది పునరుక్తిగా తోచదు. స్నేహితుడి విషయంలో రెండోసారి ఆ మాటే తీసేయండి. తెలుగు వాక్యం కర్త లేకుండానే నడుస్తుంది. ప్రాచీన మిత్రుడు అనగానే శాసనాల్లోంచి లేచి వచ్చినట్టుంటాడు.

పర్యాయపదాల పట్టికను నమ్మేవాళ్ళకు ఇంకొకటి. అమరకోశంలో నీటి పేర్లలో వనం, జీవనం, భువనం, కబంధం కూడా ఉన్నాయి. ఆ పట్టిక పాత గ్రంథాలు చదివేవాడికి దారి చూపడానికి. దాహమైనవాడు కబంధం అడిగితే ఎవరూ నీళ్ళివ్వరు.

తేటమాట: ఒప్పుకుంటున్నాను, హస్తవాసి ముందు నా వాదన నిలబడలేదు. కానీ ఒక్క అనుమానం. “ఆ కుట్రలో అతడి హస్తం ఉంది” అని పత్రికల్లో రాస్తారు. మా వాళ్ళు “అతడి చెయ్యి ఉంది” అంటారు. ఇక్కడ రెండూ చెల్లుతున్నాయి కదా, మరి ఇది ఏ లెక్కలోకి వస్తుంది?

పాతచదువరి: రెండూ చెల్లుతాయి కానీ ఒకటి కావనిపిస్తుంది నాకు. హస్తం అంటే వెనకాల ఎవరో నడిపిస్తున్నట్టు, చెయ్యి అంటే తానూ దిగి పని చేసినట్టు.

నిర్వాహకురాలు: నాకు ఆ తేడా వినబడదండి. పత్రిక భాషకూ ఇంటి భాషకూ ఉన్న దూరమే తప్ప అర్థంలో భేదం లేదు. ఎవరైనా రెండు వాడుకలూ వాక్యాలతో సహా చూపిస్తే మాట్లాడుకుందాం. కొత్తకలం గారి సవరించిన పూరణను, మిగతా రెండింటితో కలిపి, ఈ వారం జాబితాలో చేరుస్తున్నాను. ఉత్సాహి గారూ, ఆహూతుల మీద సమస్య వచ్చే వారానికి మీరే ఇవ్వండి, ఆటవెలదిలోనే.