కోర్సు ఫీజు అడిగే అర్జీలో బాండ్ మాట మనమే ఎత్తాలా?

బొబ్బిలి మెయింటెనెన్స్:
గ్రోత్ సెంటర్‌లో ఒక చిన్న ప్యాకింగ్ యూనిట్‌లో ఎలక్ట్రీషియన్‌ని. విశాఖలో పీఎల్‌సీ మీద, అంటే మెషిన్‌ని నడిపే కంట్రోలర్ మీద, ఆరు రోజుల కోర్సు ఉంది. ఫీజు 18,000, జీఎస్టీ అదనం. కంపెనీయే కట్టాలని మేనేజర్‌గారికి అర్జీ పెడుతున్నాను. కిందటేడు బయటి ఇంజినీరు తొమ్మిదిసార్లు వచ్చాడు, వచ్చినప్పుడల్లా 4,500 తీసుకున్నాడు. అంటే ఏడాదికి 40,500 మిగులుతుందని రాశాను. కోర్సయ్యాక రెండేళ్లు మానేయనని కూడా రాస్తే తొందరగా ఒప్పుకుంటారా?

పైడిభీమవరం కెమిస్ట్:
బాండ్ మాట నీ నోటితో అనకు. నన్ను పాత కంపెనీ మూడు రోజుల ట్రైనింగ్‌కి పంపి రెండేళ్ల బాండ్ రాయించుకుంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కూడా దగ్గర పెట్టుకున్నారు. మానేస్తానన్నాక అవి చేతికి రావడానికి నాలుగు నెలలు తిప్పారు. అడక్కముందే మెడ ఎందుకు చాపడం? అయినా అలాంటి బాండ్లు కోర్టులో చెల్లవు.

పలాస మావయ్య:
ఏటి బాబూ, ఆరు రోజులకి పద్దెనిమిది వేలా! మా మేనల్లుడు ఐటీఐ అయ్యాక తెలిసినోళ్ల దగ్గర ఊరికే నేర్చుకున్నాడు. ఏడాది తిరక్కుండా విశాఖలో ఇంకా మంచి ఉద్యోగం దొరికింది. నువ్వూ అలా మారిపో.

బొబ్బిలి మెయింటెనెన్స్:
మారడానికి కాదు మావయ్యా, ఇక్కడే ఉండి చేద్దామని.

రాజాం లెక్కలు:
జీఎస్టీ గురించి బెంగ వద్దు. 18 శాతం, అంటే 3,240 కంపెనీకి ఎలాగూ తిరిగొస్తుంది. ఖర్చు 18,000 అనే రాయండి.

చీపురుపల్లి షిఫ్ట్:
లెక్కలవారు చెప్పినదాంట్లో సగమే నిజం. ఇన్వాయిస్ కంపెనీ పేరున, కంపెనీ జీఎస్టీ నంబరుతో వస్తేనే ఆ క్రెడిట్. తమ్ముడు తన ఫోన్‌లోంచి కట్టేసి, తన పేరున రసీదు తెచ్చి క్లెయిమ్ పెడితే 3,240 పోయినట్టే. అందుకే "ఫీజు నేరుగా కంపెనీ ఖాతా నుంచి కట్టాలి" అని అర్జీలో ఒక్క వాక్యం ఉండాలి.

ఇక అసలు విషయం. ఇలాంటి అర్జీలు నా టేబుల్ మీదకి పదేళ్లుగా వస్తున్నాయి. 40,500 అనే అంకె చూడగానే నేనైతే బ్రేక్‌డౌన్ రిజిస్టర్ తెమ్మంటాను. ఆ తొమ్మిదిసార్లూ ఏం పోయిందో చూశావా? కార్డు కాలిపోతే కోర్సు చేసినవాడైనా కొత్త కార్డు కొనాల్సిందే. ఇంకో ప్రశ్న: మీ మెషిన్‌లో ఏ పీఎల్‌సీ ఉంది, కోర్సులో ఏది నేర్పుతారు?

బొబ్బిలి మెయింటెనెన్స్:
రిజిస్టర్ తీశాను. నాలుగుసార్లు సెన్సార్ గానీ లిమిట్ స్విచ్ గానీ సిగ్నల్ ఇవ్వలేదు. ఒకసారి టైమర్ విలువ మార్చాల్సి వచ్చింది. రెండుసార్లు అవుట్‌పుట్ కార్డు, ఒకసారి పవర్ సప్లై పోయాయి. ఒకసారి బ్యాటరీ అయిపోయి ప్రోగ్రామే చెరిగిపోయింది. మా మెషిన్‌లో ఉన్నది మిత్సుబిషి FX3U. కోర్సులో సీమెన్స్ S7-1200 నేర్పుతారట. ఇది పెద్ద తేడానా?

చీపురుపల్లి షిఫ్ట్:
ల్యాడర్ ప్రోగ్రామ్ చదవడం ఒకసారి వస్తే ఏ కంపెనీ పీఎల్‌సీ అయినా అర్థమవుతుంది. కానీ వాళ్లు నేర్పే సాఫ్ట్‌వేర్ TIA Portal. మీ మెషిన్‌కి కావాల్సింది GX Works2. కేబుల్ కూడా వేరే. ఆరు రోజులు నేర్చుకుని వచ్చి మెషిన్ ముందు కూర్చుంటే ల్యాప్‌టాప్ కనెక్టే కాదు. మేనేజర్‌కి అప్పుడు తెలిస్తే ఇంకెవరి అర్జీ మీదా సంతకం పెట్టడు. కోర్సువాళ్లని ముందే అడుగు: మిత్సుబిషి మీద కనీసం రెండు రోజులు చేయిస్తారా? చేయించకపోతే వేరే సంస్థ వెతుక్కో.

ప్రోగ్రామ్‌కి పాస్‌వర్డ్ ఉందో లేదో కూడా కనుక్కో. మెషిన్ అమ్మినవాడు లాక్ చేసి ఉంటే నీ చదువంతా అద్దంలో ముడుపే. బ్యాకప్, పాస్‌వర్డ్ ఇవ్వమని ఈ వారమే కంపెనీ తరఫున మెయిల్ పెట్టించు.

నీ తొమ్మిదిలో నీ చేతికొచ్చేవి ఐదు: ఆ నాలుగు సెన్సార్లు, ఒక టైమరు. బ్యాకప్ దొరికితే ఆరోది కూడా, కానీ ఇప్పుడే లెక్కలో వేయకు. ఐదు నాలుగువేలైదువందలు 22,500. ఆ అంకే రాయి.

రాజాం లెక్కలు:
మరి 22,500 లాభం చూపించి, ఆరు రోజుల జీతం, ఫీజు కలిపితే ఖర్చే ఎక్కువ కదా!

చీపురుపల్లి షిఫ్ట్:
జీతం కలపకూడదండీ, అది ఎలాగూ ఇచ్చేదే. కొత్తగా పడేది అతని డ్యూటీ చేసేవాళ్ల ఓటీ. తమ్ముడూ, నీ బదులు ఎవరు?

బొబ్బిలి మెయింటెనెన్స్:
మిగతా రెండు షిఫ్టుల ఎలక్ట్రీషియన్లు చెరో నాలుగు గంటలు ఎక్కువ ఉంటామన్నారు. వాళ్ల మామూలు రేటు గంటకి 80. రానుపోను, లాడ్జి, తిండి కలిపి రోజుకి 1,200 అనుకుంటున్నాను.

చీపురుపల్లి షిఫ్ట్:
ఓటీ రెండింతలు, గంటకి 160. రోజుకి ఎనిమిది గంటలు, ఆరు రోజులు, అంటే 7,680. నీ ఖర్చు 7,200. ఫీజు 18,000. మొత్తం 32,880. ఏడాదిన్నరకి తిరిగొస్తుంది. అంతే రాయి, దాచకు. ఇంజినీరు కోసం లైన్ ఎన్ని గంటలు ఆగిందో కూడా రాయి, కానీ గంటల్లోనే. నువ్వు దాన్ని రూపాయలు చేస్తే ఆయన నీ లెక్కతో పోట్లాడతాడు. గంటలిస్తే ఆయనే చేసుకుంటాడు.

తేదీ చూసుకో. దసరా తర్వాత మంగళవారం సిరిమానోత్సవం. ఆ వారం విజయనగరం చుట్టుపక్కల ఎవడూ డబుల్ డ్యూటీ చేయడు, ముందు మాటిచ్చినా సరే.

బొబ్బిలి మెయింటెనెన్స్:
ఇలా మార్చాను:

"అయ్యా, కిందటేడు మన లైన్‌కి బయటి ఇంజినీరు తొమ్మిదిసార్లు వచ్చారు. రిజిస్టర్ ప్రకారం అందులో ఐదు, శిక్షణ ఉంటే నేనే సరిచేయగలిగేవి. మిత్సుబిషి పీఎల్‌సీ కూడా నేర్పే ఆరు రోజుల కోర్సుకి అనుమతి కోరుతున్నాను. ఫీజు, ప్రయాణం, బస, నా బదులు ఓటీ కలిపి 32,880. ఇన్వాయిస్ కంపెనీ పేరున వస్తుంది, జీఎస్టీ 3,240 క్రెడిట్ తీసుకోవచ్చు. రాకల ఖర్చు ఏడాదికి 22,500 తగ్గుతుంది. నా షిఫ్ట్ చూసే ఇద్దరి సంతకాలు కింద ఉన్నాయి. మూడు నెలల తర్వాత రిజిస్టర్ చూసి ఫలితం చెప్పగలరు."

బాండ్ మాట రాయలేదు.

పైడిభీమవరం కెమిస్ట్:
మంచి పని చేశావు.

చీపురుపల్లి షిఫ్ట్:
నేనైతే రాయమంటాను. మేనేజర్ మనసులో ఉన్న భయం పలాస మావయ్య పైన చెప్పిందే: నేర్చుకుని విశాఖ పోతాడని. దానికి జవాబు లేకపోతే కాగితం పక్కన పెట్టేస్తాడు. ఏడాదిలోపు మానితే మిగిలిన నెలలకి నెలకి 1,500 చొప్పున ఫీజు తిరిగిస్తానని రాస్తే చాలు. పన్నెండు నెలలకి తీరిపోతుంది. సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వకు.

కెమిస్ట్‌గారూ, బాండ్లు చెల్లవనడం కూడా సరికాదు. 2025లో విజయా బ్యాంక్ కేసులో మూడేళ్లు నిండకుండా మానేసినందుకు 2 లక్షలు కట్టాలన్న షరతుని సుప్రీంకోర్టు సమర్థించింది.

పైడిభీమవరం కెమిస్ట్:
అది ప్రభుత్వ బ్యాంకు, పెద్ద పోస్టు. చిన్న ప్యాకింగ్ యూనిట్‌లో ఎలక్ట్రీషియన్‌కి అదే వర్తిస్తుందా? మీరు మేనేజర్ కుర్చీలోంచి మాట్లాడుతున్నారు.

చీపురుపల్లి షిఫ్ట్:
అవును, ఆ కుర్చీలోంచే. అర్జీ చదివేది అక్కడే కదా.

బొబ్బిలి మెయింటెనెన్స్:
అర్జీలో రాయను. ఆయన అడిగితే నెలకి 1,500 మాట అంటాను. కోర్సువాళ్లకి ఫోన్ చేశాను, మిత్సుబిషి ఒక రోజే చేయిస్తారట. సోమవారం వేరే సంస్థని అడగాలి.